టిప్పర్ లెక్కకూ గుంత లెక్కకూ 1,252 ఘనపు మీటర్ల తేడా ఎందుకు వచ్చింది: మట్టి పని కాంట్రాక్టర్‌కు సైట్ ఇంజినీర్ ఉత్తరం

గౌరవనీయులైన కాంట్రాక్టర్ గారికి,

విషయం: సెల్లార్ తవ్వకం పరిమాణం లెక్కించిన తీరు, మట్టి ఉబ్బు గురించి వివరణ.

తవ్వకం పూర్తయిందని మీరు పెట్టిన బిల్లులో 251 ట్రిప్పులు, ట్రిప్పుకు 14 ఘనపు మీటర్ల చొప్పున మొత్తం 3,514 ఘ.మీ. చూపించారు. కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో మేము రాసినది 2,262.05 ఘ.మీ. తేడా 1,252 ఘ.మీ. మూడో వంతుకు మించిన కోత కనిపిస్తే ఎవరికైనా అనుమానం రావడం సహజం. మీ ట్రిప్ షీట్లు తప్పని నేను అనడం లేదు. బండ్లు నిజంగానే తిరిగాయి, మట్టి నిజంగానే పోయింది. అయితే ఆ షీట్లు బండిలో వదులుగా పడిన మట్టిని లెక్కపెట్టాయి. మన అగ్రిమెంట్ డబ్బు చెల్లించేది నేలలో గట్టిగా ఉన్నప్పటి మట్టికి. ఈ రెండింటి మధ్య ఉన్న 1,252 ఘ.మీ. ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక్కొక్కటిగా రాస్తున్నాను. ప్రతి అంకెనూ మీ మేస్త్రీ దగ్గరున్న కాపీతో సరిచూసుకోగలరు.

ముందు కొలత నియమం. మన అగ్రిమెంట్ తవ్వకం కొలతకు భారత ప్రమాణమైన ఐఎస్ 1200 మొదటి భాగాన్ని పాటిస్తుంది. దాని ప్రకారం తవ్వకాన్ని గుంత కొలతలతో, లెవెల్స్‌తో లెక్కిస్తారు. తవ్విన తరువాత మట్టి పెరిగిందని అదనం ఇవ్వరు. కాబట్టి ఉబ్బిన మట్టిని మోసే ఖర్చు ఘనపు మీటరు రేటులోనే కలిసి ఉండాలి, పరిమాణంలో కాదు. ఈ సంగతి టెండర్ వేసేటప్పుడు పట్టించుకోకపోతే నష్టం బిల్లు దగ్గర బయటపడుతుంది. ఆ లెక్క కింద విడిగా ఇచ్చాను.

గుంత లెక్క

మొదటి బకెట్ దిగకముందే, చెత్తా పొదలూ తీసేశాక, 6 మీటర్ల గ్రిడ్ వేసి నేల మట్టాలు తీశాం. గుంత అడుగు 30 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు. గోడ వెలుపల పని చేసుకునే జాగా ఇందులోనే ఉంది. ఈ కొలతకు 24 పాయింట్లు, 15 గడులు వచ్చాయి. ఆ షీటు మీద మీ సూపర్‌వైజర్ సంతకం ఉంది. నేల మట్టం ఒకసారి తవ్వేశాక మళ్లీ తీయడానికి దొరకదు కనుక ఈ మొత్తం లెక్కలో ఆ షీటే అన్నిటికన్నా విలువైన కాగితం.

లోతు ఎలా వచ్చిందో ఒక పాయింట్ చూడండి. కల్వర్టు మీద పెట్టుకున్న బెంచ్‌మార్క్ మట్టం, అంటే ఆర్.ఎల్., 100.000. దాని మీద నిలబెట్టిన కొలత కర్ర, అంటే స్టాఫ్, రీడింగ్ 1.425, కనుక పరికరం ఎత్తు 101.425. గుంత నడుమ ఉన్న సీ-2 పాయింట్ మీద స్టాఫ్ 1.115 చూపింది. నేల మట్టం 100.310. గుంత అడుగు డ్రాయింగ్ ప్రకారం 96.510. లోతు 3.80 మీటర్లు. మిగతా 23 పాయింట్లూ ఇలాగే. చివర మళ్లీ బెంచ్‌మార్క్ మీద చదివితే తేడా 4 మిల్లీమీటర్లు మాత్రమే వచ్చింది. ఆ చివరి రీడింగ్ తీయకుండా వదిలేస్తే పరికరం మధ్యలో కదిలిందో లేదో తెలియదు. అడుగు వైశాల్యం 540 చదరపు మీటర్లు కాబట్టి మట్టంలో ఒక్క సెంటీమీటరు పొరపాటు 5.4 ఘ.మీ.కు సమానం.

ఇప్పుడు సగటు లోతు. 24 లోతుల్నీ కూడి 24తో భాగిస్తే 3.56 మీటర్లు వస్తుంది. అలా చేయకూడదు. మూలనున్న పాయింట్ ఒక గడికే చెందుతుంది, అంచు పాయింట్ రెండు గడులకు, లోపలి పాయింట్ నాలుగు గడులకు. అందుకే వాటి లోతుల్ని వరుసగా 1, 2, 4తో గుణించి కూడాలి. మన సైటులో 4 మూలల లోతుల మొత్తం 13.40, అంచున ఉన్న 12 పాయింట్లది 41.64, లోపలి 8 పాయింట్లది 30.40.

```
13.40×1 + 41.64×2 + 30.40×4 = 218.28
218.28 ÷ (15×4) = 3.638 మీ.
540 × 3.638 = 1964.52 ఘ.మీ.
```

నడుమ నేల కాస్త దిబ్బగా ఉండటంతో లోపలి లోతులు ఎక్కువ. మామూలు సగటు తీసి ఉంటే ఆ దిబ్బ కొంత మాయమై మీకు 42 ఘ.మీ. తగ్గేవి. ఇంజినీర్ ఎవరైనా సాదా సగటుతో షీటు ఇస్తే ఈ ఒక్క సంగతి అడగండి. నేల మధ్యలో పల్లంగా ఉన్న చోట ఇదే పొరపాటు మీ వైపుకు లాభంగా తిరుగుతుంది, రెండూ తప్పే.

పక్క వాలు డ్రాయింగ్‌లో ఉంది, మీటరు లోతుకు అర మీటరు వెలుపలికి. కాబట్టి అది చెల్లించవలసిన తవ్వకమే. వాలు అడ్డుకోత ఒక త్రికోణం. లోతు వర్గాన్ని 4తో భాగిస్తే దాని వైశాల్యం. ఇక్కడ కూడా సగటు లోతును వర్గం చేయకుండా, చుట్టూ ఉన్న 16 పాయింట్ల లోతుల్ని ఒక్కొక్కటీ వర్గం చేసి ఆ తరువాతే సగటు తీశాం. అది 11.87 వచ్చింది. నాలుగో వంతు 2.9675 చ.మీ., దాన్ని 96 మీటర్ల చుట్టుకొలతతో గుణిస్తే 284.88 ఘ.మీ. నాలుగు మూలల్లో రెండు వాలులు కలిసేచోట సూదిమొన లాంటి చిన్న ముక్క మిగులుతుంది. లోతు ఘనాన్ని 12తో భాగిస్తే ఒక్కో మూలది వస్తుంది. నాలుగూ కలిపి 12.65. మొత్తం 2,262.05 ఘ.మీ.

ఇందులో మొరం ఎంత, మెత్తరాయి ఎంత అన్నది మీ రేట్లు వేరు కనుక విడగొట్టాల్సి వచ్చింది. పొక్లెయిన్ పళ్లు రాతి పొర మీద ఆగినప్పుడు మళ్లీ అదే గ్రిడ్ మీద, మీ మనిషిని పెట్టుకునే మట్టాలు తీశాం. రాతి పొర సగటు మందం 1.10 మీ. వాలు కలుపుకుని మెత్తరాయి 623.48 ఘ.మీ., మిగిలిన 1,638.57 మొరం. రాయి తగిలిన రోజునే లెవెల్ పెట్టకపోతే గుంత పూర్తయ్యాక గోడ మీద కనిపించే చారను చూసి ఊహించడం తప్ప మార్గం ఉండదు. ఆ చార అంచుల్లో ఉన్న రాయి సంగతే చెబుతుంది, నడుమ రాయి ఎంత ఎత్తున ఉండేదో చెప్పదు.

బండిలో మట్టి ఎందుకు పెరిగింది

నేలలో మొరం ఏళ్ల తరబడి ఒత్తుకుని ఉంటుంది. బకెట్ దాన్ని విరిచి లేపగానే గడ్డల మధ్య గాలి ఖాళీలు ఏర్పడతాయి. మట్టి బరువు అంతే ఉంటుంది, ఆక్రమించే చోటు పెరుగుతుంది. నల్లరేగడి నీరు తాగి ఉబ్బడం వేరే విషయం, దాన్ని దీనితో కలపవద్దు. ఎండిన రేగడి కూడా తవ్వితే ఇలాగే పెరుగుతుంది, నీటి చుక్క తగలకపోయినా.

పుస్తకాల్లో మొరానికి ఇంత శాతం, రాయికి ఇంత శాతం అని పట్టికలు దొరుకుతాయి. ఆ అంకెలు ఒక్కో పట్టికలో ఒక్కో తీరుగా ఉంటాయి, ఎందుకంటే ఉబ్బు మట్టి రకంతో పాటు గడ్డ సైజు, తేమ, లోడ్ చేసే తీరు మీద కూడా ఆధారపడుతుంది. అందుకని మన గుంతలోనే కొలిచాం. మొరం పొరలో గోడలు నిటారుగా చెక్కి 3 మీ. × 2 మీ. × 1 మీ. గుంట తీయించాం. అంటే నేలలో 6.00 ఘ.మీ. ఆ మట్టి మొత్తం ఒక్క ఖాళీ టిప్పర్‌లో వేయించి, పారలతో చదును చేయించి, తొమ్మిది చోట్ల లోతు కొలిచాం. బాడీ లోపలి కొలత 5.0 × 2.3 మీ., చదును చేసిన మట్టి సగటు లోతు 0.66 మీ. కనుక వదులు మట్టి 7.59 ఘ.మీ. దీన్ని 6తో భాగిస్తే 1.265, లెక్కకు 1.27 తీసుకున్నాం. మెత్తరాయిలో 4 మీ. × 3 మీ. × 0.5 మీ. తీస్తే లోతు 0.73 మీ. వచ్చింది, అంటే 8.40 ఘ.మీ., గుణకం 1.40. రాయి పెద్ద ముక్కలుగా విరుగుతుంది కనుక ఖాళీలు ఎక్కువ.

ఈ పరీక్షలో తప్పు జరిగేది రెండు చోట్ల. ఒకటి, గుంట గోడలు వాలుగా మిగిలిపోవడం. జేసీబీ బకెట్‌తో తీసి వదిలేస్తే పైన 3 మీటర్లున్న పొడవు అడుగున 2.7 మాత్రమే ఉంటుంది. అలాంటి గుంటను 6 ఘ.మీ. అని రాసుకుంటే, బండిలో పడిన మట్టి తక్కువ కనుక ఉబ్బు తక్కువగా తేలుతుంది. రెండోది, బండిలో మట్టిని చదును చేసే పేరుతో తొక్కడం. కూలీలు లోపల నడిస్తే కింద పొర అణిగిపోతుంది. అందుకే అంచున పలక వేసి దాని మీద నిలబడి పార వాడమన్నాం.

మొరం అంకెను బరువుతో కూడా సరిచూశాం. కోర్ కట్టర్‌తో, అంటే 10 సెం.మీ. వ్యాసం, సుమారు వెయ్యి ఘన సెంటీమీటర్ల స్టీలు గొట్టాన్ని నేలలోకి దించి తీసిన నమూనాలో, మొరం సాంద్రత ఘ.మీ.కు 1.90 టన్నులు. అదే రోజు వేబ్రిడ్జ్ మీద తూచిన బండిలో వదులు మట్టి ఘ.మీ.కు 1.50 టన్నులు. 1.90ని 1.50తో భాగిస్తే 1.27. రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి. రెండూ అదే రోజు తీయడం అవసరం. నమూనా ఎండలో తీసి, బండిని వాన పడిన మర్నాడు తూస్తే నీటి బరువు చేరి వదులు సాంద్రత పెరుగుతుంది, ఉబ్బు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. మెత్తరాయిలో కోర్ కట్టర్ దిగదు, అక్కడ ఇసుక పోసి గుంట ఘనపరిమాణం కొలిచే పద్ధతే వాడాలి.

1,252 ఘ.మీ. ఎక్కడ పోయాయి

మీ 14 ఘ.మీ. అన్న అంకె నుంచి మొదలుపెడదాం. బాడీ లోపల 5.0 × 2.3 × 1.2 మీ. కొలిస్తే అంచుల దాకా 13.8 ఘ.మీ. పడుతుంది. కానీ పొక్లెయిన్ నింపినప్పుడు నడుమ కుప్పగా, నాలుగు మూలల్లో ఖాళీగా ఉంటుంది. రోడ్డు మీద రాలకుండా వెనక తలుపు దగ్గర తగ్గించి వేస్తారు. ముందుగా చెప్పకుండా ఆపి కొలిచిన పది బండ్ల సగటు 12.8 ఘ.మీ. కనుక 251 ట్రిప్పుల్లో పోయిన వదులు మట్టి 3,213 ఘ.మీ. మొదటి 301 ఇక్కడే తగ్గాయి.

తరువాతది ర్యాంపు. టిప్పర్లు దిగడానికి గుంత బయట 4 మీటర్ల వెడల్పుతో, 6 మీటర్లకు ఒక మీటరు దిగేలా మీరు తవ్వుకున్న దారి 130 ఘ.మీ. దాకా ఉంది, ఇందులో 13 రాయి. ఈశాన్యం వైపు 60 చ.మీ. మేర అడుగు 12 సెం.మీ. ఎక్కువ తవ్వారు, అది 7 ఘ.మీ. ఈ మట్టి బండ్లలో పోయింది కానీ డ్రాయింగ్ హద్దుల్లోనిది కాదు. మన అగ్రిమెంట్‌లో ర్యాంపు మీ పని సౌకర్యం కింద రాసి ఉంది. వదులు రూపంలో ఈ రెండూ కలిపి 177 ఘ.మీ. ఎక్కువ తవ్విన చోట మట్టి తిరిగి పోసి సరిపెట్టవద్దని మరోసారి చెబుతున్నాను. ఫుటింగ్ కింద అది కుంగుతుంది, అక్కడ సాదా కాంక్రీటు, అంటే పీసీసీనే పోయాలి.

హద్దుల్లోని తవ్వకం ఉబ్బుతో బండ్లలో ఎంత కావాలో ఇప్పుడు చూడండి. మొరం 1,638.57 × 1.27 = 2,080.98. రాయి 623.48 × 1.40 = 872.87. కలిపి 2,953.85 ఘ.మీ. దీనికీ నేలలోని 2,262.05కూ మధ్య తేడా 692. ఇదే అసలు ఉబ్బు, మొత్తం తేడాలో సగానికి పైగా ఇదే.

ఈ 2,954కు ర్యాంపు, అదనపు తవ్వకం 177 కలిపితే 3,131. మీ బండ్లు మోసింది 3,213. మిగిలిన 82 ఘ.మీ.కు నా దగ్గర కచ్చితమైన కాగితం లేదు. వాన తరువాత తూర్పు వాలు కొంత జారి, దాన్ని ఎత్తి పంపిన బండ్లు ఇందులో కొన్ని. పది బండ్ల సగటును 251కి వర్తింపజేయడంలో వచ్చే తేడా ఇంకొంత. మొత్తం మీద రెండున్నర శాతం. ట్రిప్ షీటుతో సరిచూసేటప్పుడు ఇంత దగ్గరగా రావడం మంచి సూచనే. ఇరవై శాతం తేలి ఉంటే నేల మట్టాల షీటునే మళ్లీ తిరగేసేవాణ్ణి.

```
బిల్లు (251 × 14)              3514
బాడీ నిండకపోవడం               − 301
తేలని తేడా                     − 82
ర్యాంపు, అదనపు తవ్వకం          − 177
ఉబ్బు                         − 692
చెల్లించేది                    2262
```

మీ ఆఫీసు నుంచి వచ్చిన ఇంకో ప్రతిపాదన: "బండి లెక్కలోంచి 27 శాతం తీసేసి మిగతాది ఇవ్వండి." దీనికి ఒప్పుకోవద్దని మీ మంచి కోరి చెబుతున్నాను. 27 శాతం నేలలోని మట్టి మీద లెక్క. వదులు మట్టి నుంచి వెనక్కి రావాలంటే 1.27తో భాగించాలి, అప్పుడు తగ్గేది 21 శాతమే. 2,080.98లో 27 శాతం కోస్తే 1,519 మిగులుతుంది. సరైనది 1,638.57. అంటే మొరం ఒక్కదానిలోనే మీకు 119 ఘ.మీ. పోతాయి.

రేటులో ఉబ్బును కలుపుకునే లెక్క

మీ బండి ఒక ట్రిప్పులో 12.8 ఘ.మీ. వదులు మట్టి మోస్తుంది. నేల లెక్కలో అది మొరమైతే 10.08 ఘ.మీ., రాయైతే 9.14 ఘ.మీ. ట్రిప్పుకు డీజిలు, డ్రైవరు, డంపింగ్ కలిపి 3,000 రూపాయలు పడుతుందనుకోండి. ఘ.మీ. మొరం రవాణా 298 రూపాయలు, రాయి 328 రూపాయలు. బాడీ 14 అని భాగించుకుంటే రెండింటికీ 214 రూపాయలే అనిపిస్తుంది. ఘ.మీ.కు 84 నుంచి 114 రూపాయలు చేతి నుంచి పోయే తేడా అది. వచ్చే కొటేషన్‌లో మీ బండ్ల అసలు నింపుడును పది ట్రిప్పుల్లో కొలిపించి ఈ తీరున వేసుకోండి.

రిటైనింగ్ వాల్ వెనక నింపే పనిలో ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ మేము కొలిచేది రోలర్‌తో అణచిన మట్టిని. మన మొరం తేమ 12 శాతం, కనుక నేలలో పొడి సాంద్రత 1.70. ప్రయోగశాలలో గరిష్ఠ పొడి సాంద్రత 1.95 వచ్చింది. దానిలో 95 శాతం, అంటే 1.85 దాకా అణచాలి. నేలలో ఉన్నప్పటికన్నా గట్టిగా కూరుతున్నామన్నమాట. 100 ఘ.మీ. అణచిన నింపుడుకు నేలలోని మట్టి 109 ఘ.మీ., బండ్లలో వదులుగా 138 ఘ.మీ. కావాలి, అంటే 11 ట్రిప్పులు. నేలలో తీసిన 100 తిరిగి 100 నింపుతుందని ఆర్డర్ పెడితే గోడ వెనక పూర్తిగా నిండకముందే మట్టి అయిపోతుంది.

గ్రిడ్ షీట్లు, రాతి మట్టాలు, ఉబ్బు పరీక్ష కొలతలు, వేబ్రిడ్జ్ చీటీల కాపీలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నేల మట్టాల మీద ఇప్పుడు చేయగలిగింది లేదు, అవి ఇద్దరి సంతకంతో ఉన్నాయి. అడుగు మట్టాల మీద మాత్రం మీకు ఏ పాయింట్ దగ్గరైనా అనుమానం ఉంటే శుక్రవారం లోపు చెప్పండి. శనివారం ఉదయం ఈశాన్యం మూల నుంచి పీసీసీ మొదలవుతుంది. మీ సర్వేయర్‌ను, మీ సొంత ఆటో లెవెల్‌ను తెచ్చుకోండి. కల్వర్టు మీది అదే బెంచ్‌మార్క్ నుంచి 24 పాయింట్లూ మళ్లీ కలిసి చదువుదాం. తేడా తేలితే అదే రోజు ఎం-బుక్‌లో దిద్ది ఇద్దరం సంతకం పెడదాం.

భవదీయుడు,
సైట్ ఇంజినీర్